నల్లజుట్టు బ్రౌన్ అయ్యాక మెరుపు ఏ రంగులో ఉండాలి?

మా పిన్ని కూతురు పోయిన నెల ఒక ఫొటో పంపింది. "అక్కా, జుట్టుకి బ్రౌన్ కలర్ వేయిద్దామనుకుంటున్నా. నాకు నప్పుతుందో లేదో ముందు ఫొటోలో చేసి చూపించవా" అని అడిగింది. కిటికీ పక్కన కూర్చుని దిగిన ఫొటో. తలస్నానం చేసి ఆరబెట్టుకున్న జుట్టు, భుజాల మీదుగా కిందికి వదిలేసి ఉంది. ఎడమవైపు నుంచి వెలుతురు పడుతోంది. చెవి పైభాగంలో ఒక తెల్లటి మెరుపు పట్టీ, దాని కింద పాయలు పాయలుగా నలుపు. వెనక లేత రంగు గోడ. ఫొటో ఎడిటింగ్ చేసేవాళ్ళకి ఇంతకన్నా అనువైన ఫొటో దొరకదు.

అయినా మొదటి ప్రయత్నంలో తేలిగ్గా అయ్యే పని కాదిది. చాలామంది చేసే పద్ధతి ఒకటుంది. ఫొటోషాప్‌లో జుట్టుని సెలెక్ట్ చేసి, పైన ఒక బ్రౌన్ రంగు లేయర్ వేసి, అది కింది ఫొటోతో ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్‌ని Color అని మార్చేస్తారు. ట్యుటోరియల్ వీడియోల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. రాగి రంగు జుట్టుకో, లేత గోధుమ రంగు జుట్టుకో ఇది బాగానే పనిచేస్తుంది. మన నల్లజుట్టు మీద వేస్తే మాత్రం రెండు తప్పులు ఒకేసారి బయటపడతాయి. నీడలో ఉన్న పాయలు నలుపు వదలకుండా ఎండిన రక్తం రంగుకి తిరుగుతాయి. మెరుపు పట్టీ తెలుపు పోయి, తోమని ఇత్తడి చెంబులా అవుతుంది. చూసినవాళ్ళకి తప్పెక్కడుందో చెప్పడం రాకపోవచ్చు కానీ "ఇదేదో విగ్గులా ఉంది" అని వెంటనే అనేస్తారు.

ఎందుకలా అవుతుందో ఈ ఫొటోలోని అంకెలతోనే చూద్దాం. డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. 0 అంటే ఆ రంగు వెలుతురు అసలు లేదని, 255 అంటే నిండుగా ఉందని. మా చెల్లి జుట్టులో నీడవైపున్న ఒక పాయ మీద, ఈ అంకెల్ని చూపించే ఐడ్రాపర్ అనే టూల్ పెడితే 22, 20, 21 వచ్చింది. మెరుపు పట్టీ మధ్యలో పెడితే 150, 155, 165 వచ్చింది. ఇప్పుడు 110, 70, 42 అనే బ్రౌన్‌ని Color మోడ్‌లో పైన వేశాం అనుకోండి. ఈ మోడ్ కింద ఉన్న చుక్క వెలుగుని అలాగే ఉంచి, రంగుని మాత్రం పైనుంచి తీసుకుంటుంది. అంటే 22, 20, 21కి ఎంత వెలుగు ఉందో అంతలోనే బ్రౌన్‌ని ఇరికించాలి. అంత చీకట్లో రంగుకి చోటెక్కడిది? లెక్క వేస్తే 38, 16, 0 వస్తుంది. నీలం పూర్తిగా సున్నా అయిపోయింది, ఎరుపు ఒక్కటే మిగిలింది. ఎండిన రక్తం రంగు వచ్చింది ఇక్కడినుంచే. రెండో చుక్క కథ దీనికి పూర్తిగా తిరగబడింది. అక్కడ వెలుగు చాలా ఉంది కాబట్టి రంగు మొత్తం ఎక్కేసి 186, 146, 118 అయింది. నీలం ఛాయతో తెల్లగా ఉన్న మెరుపు ఇత్తడి రంగుకి తిరిగింది.

బ్యూటీ పార్లర్‌లో రంగు వేసేవాళ్ళకి ఇందులో సగం సంగతి ముందే తెలుసు. నల్లజుట్టు మీద నేరుగా లేత బ్రౌన్ రాస్తే అది కనబడదు. ముందు జుట్టులోని నలుపుని కొంత తగ్గించాలి, ఆ తర్వాతే రంగు పైకి తేలుతుంది. వాళ్ళు జుట్టు నలుపుని 1 నుంచి 10 దాకా లెవెల్స్‌గా లెక్కపెడతారు. 1 అంటే కారునలుపు, 10 అంటే బాగా లేత బంగారు రంగు. మనవాళ్ళ జుట్టు ఎక్కువగా 1, 2 లెవెల్స్‌లో ఉంటుంది. మా చెల్లి అడిగిన వార్మ్ బ్రౌన్ 4, 5 దగ్గరుంటుంది. ఫొటోలోనూ అంతే. ముందు వెలుగు పెరగాలి, దాంతోపాటే రంగు రావాలి. మిగిలిన సగం సంగతి మెరుపుది. దాన్ని అర్థం చేసుకోవాలంటే వెంట్రుక మీద వెలుతురు పడినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలి.

వెంట్రుకని ఒక సన్నటి గాజు కడ్డీలా ఊహించుకోండి. దాని మీద చేప పొలుసుల్లా సన్నటి పొరలుంటాయి, లోపల నల్లటి రంగు పదార్థం మెలనిన్ ఉంటుంది. వెలుతురు వచ్చి తగలగానే కొంత భాగం, నిటారుగా పడితే సుమారు 5 శాతం, పైపొర మీదినుంచే తిరిగొచ్చేస్తుంది. అది లోపలికి వెళ్ళదు కాబట్టి మెలనిన్‌ని తాకదు. అందుకే ఆ వెలుతురు ఏ రంగులో వచ్చిందో అదే రంగులో తిరిగి వెళుతుంది. కిటికీలోంచి ఆకాశం వెలుతురు వస్తే మెరుపు కాస్త నీలంగా, బల్బు వెలుతురు వస్తే కాస్త పసుపుగా ఉంటుంది. జుట్టు నలుపా, బ్రౌనా, తెలుపా అన్నదానితో ఆ మెరుపుకి సంబంధం లేదు.

మిగతా వెలుతురు వెంట్రుక లోపలికి వెళుతుంది. అందులో కొంత అవతలి గోడకి తగిలి వెనక్కి తిరిగి, మళ్ళీ మనవైపు బయటకొస్తుంది. కొంత అటునుంచి అటే బయటికి పోతుంది. ఈ రెండూ మెలనిన్‌లోంచి వెళ్ళి వచ్చినవి కాబట్టి వాటికి జుట్టు రంగు అంటుకుంటుంది. నల్లజుట్టులో మెలనిన్ దట్టంగా ఉంటుంది, లోపలికెళ్ళిన వెలుతురు దాదాపు అంతా అందులోనే ఇంకిపోతుంది. అందుకే నల్లజుట్టులో మనకి కనబడేది రెండే: పైపొర మీది తెల్లటి మెరుపు, కింద నలుపు. బ్రౌన్ జుట్టులో మెలనిన్ తక్కువ. లోపలికెళ్ళిన వెలుతురులో కొంత బయటపడుతుంది. అప్పుడు తెల్లటి మెరుపు అక్కడే ఉంటుంది, దాని పక్కనే అతుక్కుని రెండో మెరుపు ఒకటి పుడుతుంది. అది వెడల్పుగా, మెత్తగా, తేనె రంగులో ఉంటుంది. 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్, ఆయన సహచరులు వెంట్రుకల మీద కొలతలు తీసి ఈ మూడు దారుల్నీ లెక్కల్లో పెట్టారు. ఆ తర్వాత సినిమాల్లో, గేముల్లో కంప్యూటర్‌తో చేసే జుట్టుకి ఆ లెక్కే పునాది అయింది.

ఫొటోలో మనం చేయాల్సిన పని ఇప్పుడు తేలిగ్గా చెప్పుకోవచ్చు. మెరుపు మీద రంగు పూయకూడదు. జుట్టు లోపలినుంచి కొంత బ్రౌన్ వెలుతురు కొత్తగా బయటికి వస్తున్నట్టు చేయాలి. పాత మెరుపు దాని మీద అలాగే నిలబడాలి. బాగా లోతైన సందుల్లో, అంటే పాయకీ పాయకీ మధ్య వెలుతురు చొరని చోట, నలుపు నలుపుగానే ఉండిపోవాలి.

కొంతమంది Color మోడ్ పనిచేయలేదని బ్రౌన్‌ని Screen మోడ్‌లో వేస్తారు. వెలుగు పెరుగుతుంది నిజమే, కానీ సందుల్లోని నలుపు కూడా పైకి లేస్తుంది. 70, 42, 22 అనే ముదురు బ్రౌన్‌ని Screen‌లో వేస్తే, అసలు ఫొటోలో 5, 5, 5 ఉన్న సందు 74, 46, 27 అవుతుంది. 22, 20, 21 ఉన్న పాయ 86, 59, 41 అవుతుంది. అంతకుముందు పాయ ఎరుపు అంకె సందుకన్నా నాలుగు రెట్లు పైన ఉండేది. ఇప్పుడు రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. కళ్ళకి పోగులు విడివిడిగా కనబడేది ఆ రెట్ల తేడా వల్లే. అది పోతే జుట్టంతా పొగమంచు కమ్మినట్టు, కొబ్బరిపీచు అతికించినట్టు ఉంటుంది.

నా చేతికి బాగా అలవాటైన పద్ధతి Curves. పాత వెలుగు అంకె ఏ కొత్త అంకెగా మారాలో గీతలతో చెప్పే సాధనం అది. ఒకే ఒక్క Curves అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల్ని విడివిడిగా వంచుతాను. కిందిమూల 0 దగ్గర మూడూ కదలవు, కాబట్టి నలుపు నలుపుగానే ఉంటుంది. పాయల వెలుగు ఉన్న చోట, అంటే 40 చుట్టుపక్కల, ఎరుపు బాగా పైకి, ఆకుపచ్చ దానికన్నా తక్కువ, నీలం నామమాత్రంగా లేస్తాయి. బ్రౌన్ పుట్టేది ఇక్కడే. మెరుపు ఉన్న చోట, అంటే 150 చుట్టుపక్కల, మూడు గీతలూ మళ్ళీ దగ్గరికి వచ్చేస్తాయి. మా చెల్లి ఫొటోకి నేను పెట్టిన బిందువులు ఇవి. ఎడమవైపుది పాత అంకె, కుడివైపుది కొత్తది.

```
Red:    0→0   40→88   150→166   255→255
Green:  0→0   40→64   150→156   255→255
Blue:   0→0   40→46   150→150   255→255
```

ఇప్పుడు మళ్ళీ ఐడ్రాపర్ పెట్టి చూద్దాం. 8, 8, 9 ఉన్న ఒక సందు సుమారు 20, 14, 11 అయింది. చీకటి పోలేదు, అందులో కాస్త వెచ్చదనం వచ్చింది. 38, 36, 37 ఉన్న పాయ 84, 58, 43 దాకా వచ్చింది, ఇది అచ్చమైన బ్రౌన్. మెరుపు మధ్యలో 150, 155, 165 ఉన్నది 166, 160, 165 దగ్గర ఆగింది. మూడు అంకెలూ దాదాపు ఒకటే, అంటే తెలుపు. అసలు ఫొటోలో ఉన్న నీలం ఛాయ కాస్త తగ్గింది, అది తప్పు కాదు. అక్కడ కూడా మెరుపు కింద బ్రౌన్ జుట్టే ఉంది కదా, ఆ బ్రౌన్ వెలుతురు వచ్చి కలిస్తే నీలం అంతమేరకు చల్లారుతుంది.

మీ ఫొటోకి ఇవే అంకెలు పనికిరావు. జుట్టు పాయ ఎంత వెలుగులో ఉందో, మెరుపు ఎంత వెలుగులో ఉందో ఐడ్రాపర్‌తో చూసుకుని, 40కి బదులు ఆ మొదటి అంకె, 150కి బదులు ఆ రెండో అంకె పెట్టుకోవాలి. ఐడ్రాపర్‌ని మాత్రం ఒక్క చుక్క మీద కాకుండా 5 by 5 Average మీద పెట్టుకోండి. ఒక్క చుక్క అంకె నమ్మదగింది కాదు, ఫోన్ ఫొటోలో పక్కపక్క చుక్కలు కూడా నాయిస్ వల్ల ఎగుడుదిగుడుగా ఉంటాయి.

వార్మ్ బ్రౌన్ అయిందో లేదో కంటితోనే తేల్చుకోబోతే మోసపోతాం. అరగంట సేపు స్క్రీన్ వంక చూశాక కళ్ళు ఏ రంగుకైనా అలవాటు పడిపోతాయి. నేను అంకెల్లో ఒక గుర్తు పెట్టుకున్నాను. ఎరుపు అన్నిటికన్నా పైన, నీలం అన్నిటికన్నా కింద ఉండాలి. ఆకుపచ్చ ఆ రెండిటి మధ్యలో, నీలం వైపు కాస్త జరిగి ఉండాలి. 84, 58, 43 అలాగే ఉంది. ఆకుపచ్చ బాగా దిగి నీలంతో కలిసిపోతే రంగు వంకాయ, మెరూన్ వైపు పోతుంది. నడిమి దాటి ఎరుపు వైపు ఎక్కితే బురద పసుపు, ఇంకా ఎక్కితే పాచి రంగు. గోరింటాకు పెట్టిన జుట్టులా నారింజ కొట్టొచ్చినట్టు కనబడుతుంటే అప్పుడు చూడాల్సింది ఎరుపుకీ నీలానికీ ఉన్న దూరం, అది మరీ పెరిగిపోయిందన్నమాట. నీలం గీతని 40 దగ్గర ఓ నాలుగైదు అంకెలు పైకి లాగితే సర్దుకుంటుంది.

ఒక్క Curves‌తో ఎనభై శాతం పని అయిపోయినట్టే. కానీ ఒక లోటు మిగులుతుంది. 40 నుంచి 150 దాకా ఉన్న ప్రాంతంలో ఎరుపు గీత ముందే బాగా పైకి ఎక్కేసింది కాబట్టి, ఆ తర్వాత నెమ్మదిగా వెళుతుంది. అసలు ఫొటోలో 110 అంకెల తేడా ఉన్నచోట ఎరుపులో ఇప్పుడు 78 మాత్రమే ఉంది. మెరుపు పట్టీ అంచుల్లో సన్నసన్నగా విడిపోయే పోగులు, చూడ్డానికి అందంగా ఉండేవి అవే, కొంచెం మెత్తబడి కలిసిపోతాయి. వాటిని వెనక్కి తేవడానికి రెండో లేయర్ కావాలి.

అసలు ఫొటో లేయర్‌ని కాపీ చేసి అన్నిటికన్నా పైన పెట్టి, రంగంతా తీసేసి నలుపు తెలుపు చేయండి. తర్వాత దాని మీద Levels అనే టూల్ తెరిచి నలుపు బిందువుని 80 దాకా లాగండి. అప్పుడు పాయలు, సందులు అన్నీ పూర్తి నలుపైపోతాయి, మెరుపు పోగులు మాత్రం చీకట్లో దారాల్లా మిగులుతాయి. ఈ లేయర్‌ని Screen మోడ్‌లో పెట్టి, మార్పుని జుట్టు వరకే పడనిచ్చే మాస్క్ తగిలించి, ఒపాసిటీ 25 శాతం దగ్గర ఆపండి. Screen మోడ్ నలుపుని పట్టించుకోదు, వెలుగుని మాత్రం కలుపుతుంది. ఇందాక బ్రౌన్ వేయడానికి పనికిరాని మోడ్ ఇక్కడ సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే వెంట్రుక పైపొర మీది మెరుపు కూడా ఇలాగే అదనంగా వచ్చి కలిసే వెలుతురే. 160 దగ్గరున్న మెరుపు దీంతో 170 దాకా వెళ్ళింది, బ్రౌన్ పాయలు కదల్లేదు. ఒపాసిటీ పెంచాలనిపిస్తుంది, నాకూ ప్రతిసారీ అనిపిస్తుంది. 40 దాటితే జుట్టు నైలాన్ దారంలా అయిపోతుంది.

ఇక్కడ ఇంకొక మాట. ఎంత జాగ్రత్తగా చేసినా కొత్త ఫొటోలో మెరుపు పాతదాని అంత కొట్టొచ్చినట్టు ఉండదు, ఉండకూడదు కూడా. నల్లటి గుడ్డ మీద వెండి దారం మెరిసినట్టు బ్రౌన్ గుడ్డ మీద మెరవదు. దారం అదే, వెనకున్న నలుపు పోయింది. నిజంగా రంగు వేయించుకున్నవాళ్ళు కూడా "జుట్టు షైనింగ్ తగ్గింది" అని అనడం వింటుంటాం. రంగు మందు పైపొరని గరుకు చేయడం ఒక కారణమైతే, ఈ తేడా తగ్గడం ఇంకో కారణం. ఫొటోలో పాత మెరుపుని పాత తీరులోనే నిలబెట్టాలని పట్టుబడితే జుట్టు తడిగానో, నూనె రాసినట్టో కనబడుతుంది.

తేనె రంగు రెండో మెరుపు సంగతి చెప్పాను కదా, దాన్ని చేత్తోనే వేయాలి. అసలు ఫొటోలో అది లేదు, ఎక్కడినుంచీ తీసుకురాలేం. కొత్త లేయర్ ఒకటి Soft Light మోడ్‌లో పెట్టి, 190, 120, 60 లాంటి రంగుతో, మెత్తటి బ్రష్‌తో, తెల్లటి మెరుపు పట్టీని ఆనుకుని దానికి రెండింతల వెడల్పులో ఒక్కసారి తుడిచినట్టు పూస్తాను. జుట్టు వంపు ఎటు తిరిగితే బ్రష్ అటే తిరగాలి. ఒపాసిటీ 15, 20 శాతం చాలు. విడిగా చూస్తే ఉందో లేదో తెలియదు. లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆపి, మళ్ళీ తెరిచి చూస్తే మాత్రం జుట్టు ఒక్కసారిగా బతికొచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు మాస్క్. నిజానికి పనిలో మొదట చేసేది ఇదే. దీన్ని వెనక్కి నెట్టడానికి కారణముంది. జుట్టు అంచుల సెలెక్షన్ అంటేనే కొత్తవాళ్ళకి టెన్షన్, ఎగిరే వెంట్రుకలు ఒక్కొక్కటీ పట్టుకోవాలేమో అని. Curves పద్ధతిలో ఆ బాధ చాలావరకు ఉండదు. పై గీతలు చీకటి చోట్లనే ఎక్కువగా మారుస్తాయి, వెలుగు చోట్ల దాదాపు మార్చవు. మా చెల్లి వెనక గోడ 220 దగ్గరుంది. మాస్క్ గోడ మీదికి కాస్త జారినా, అక్కడ మారేది మహా అయితే ఐదారు అంకెలే, చూపుకి ఆనదు. గోడ ముందు ఎగిరే సన్నటి వెంట్రుకలు మాత్రం వాటంతట అవే వెచ్చబడతాయి. అందుకే లేత గోడ ముందు మాస్క్‌ని కావాలనే వదులుగా ఉంచుతాను.

ఫొటోషాప్‌లో జుట్టుని క్విక్ సెలెక్షన్‌తో సుమారుగా పట్టుకుని, Select and Mask తెరిచి, Refine Edge బ్రష్‌తో అంచుల వెంట ఒకసారి తిప్పి, Layer Mask‌గా బయటికి తీసుకోండి. అక్కడ Decontaminate Colors అనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకండి. అది అంచుల్లోని రంగుల్నే మార్చేస్తుంది, మనకి అసలు ఫొటో చెక్కుచెదరకుండా కావాలి. ఫోన్‌లో చేసుకునేవాళ్ళు స్నాప్‌సీడ్‌లో కూడా ఇదే పని చేయొచ్చు. అందులోనూ Curves ఉంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వంచే వీలుంది. వేసిన మార్పుని తర్వాత వేలితో జుట్టు మీద మాత్రమే పూసుకోవచ్చు. అంచులు అంత నాజూగ్గా రావు, గోడ తెల్లగా ఉంటే మాత్రం సరిపోతుంది.

వెనక ముదురు రంగు తలుపో, చెట్లో ఉంటే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. మాస్క్ జారిన చోటల్లా తలుపు కూడా బ్రౌన్ అయిపోతుంది, తల చుట్టూ ఎర్రటి పొగ చుట్టుకున్నట్టుంటుంది. అక్కడ అంచుని బిగించి పట్టుకోవాల్సిందే.

అంచుల్లో అన్నిటికన్నా కష్టమైంది నుదురు. అక్కడ జుట్టు గీత గీసినట్టు మొదలవదు. సన్నటి లేత వెంట్రుకలు చర్మం మీద చెదిరి, క్రమంగా చిక్కబడతాయి. మాస్క్ అక్కడ గట్టిగా తెగితే నుదుటి పైన నల్లటి గీత మిగిలిపోతుంది, విగ్గు అని తెలిసిపోయేది చాలాసార్లు దానివల్లే. మెత్తటి బ్రష్‌ని Flow 20 శాతానికి పెట్టుకుని, జుట్టులోంచి నుదుటి వైపు రెండు మూడు సార్లు తుడవండి. పాపిట దగ్గర కూడా అంతే. పాపిటలో కనబడే చర్మానికి రంగు అంటకూడదు, కానీ దానికి ఇరువైపులా వేళ్ళు కాస్త ముదురుగానే ఉండాలి. రంగు వేయించుకున్న చాలామంది తలల్లో మొదళ్ళ దగ్గర ఒక పిసరు చీకటి ఉంటుంది. అక్కడ మాస్క్‌ని 70 శాతానికి తగ్గిస్తే ఆ సహజత్వం వస్తుంది. జుట్టులో మల్లెపూలుంటే పువ్వుల తెలుపు ఎలాగూ మారదు కానీ, రేకుల మధ్య నీడలు మట్టి రంగుకి తిరుగుతాయి, కాబట్టి దండ మొత్తాన్ని మాస్క్‌లోంచి చెరిపేయాలి.

మా చెల్లి ఫొటోలో అన్నీ కుదిరాక కూడా ఏదో తేడా కొట్టింది. కాసేపటికి తెలిసింది, కనుబొమలు. తల బ్రౌన్, కనుబొమలు కారునలుపు. జుట్టుకి రంగు వేయించుకున్నవాళ్ళకి నిజంగా అలాగే ఉంటుంది కానీ, ఫొటోలో ముఖం దగ్గరగా ఉన్నప్పుడు ఆ తేడా గుచ్చుకుంటుంది. అదే Curves మాస్క్‌లో కనుబొమల మీద మార్పు 35 శాతమే పడేలా బూడిద రంగు పూశాను. వెచ్చదనం తగిలింది, ముదురు మాత్రం పోలేదు. కనురెప్పల వెంట్రుకల జోలికి వెళ్ళకండి, అవి బ్రౌన్ అయితే కళ్ళు నీరసంగా కనబడతాయి.

పని సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి నేను ఫొటోని రెండు రకాలుగా పరీక్షిస్తాను. మొదటిది, పైన ఒక నలుపు తెలుపు లేయర్ వేసి, పాతదాన్నీ కొత్తదాన్నీ మార్చి మార్చి చూడటం. రంగు లేనప్పుడు రెండిట్లోనూ అవే పాయలు, అవే పోగులు, అదే చోట మెరుపు కనబడాలి. కొత్తదాంట్లో జుట్టు వెలుగ్గా ఉంటుంది, అది సరే. ఏదైనా చోట పోగులు కలిసిపోయి ముద్దగా ఉంటే, అక్కడ గీత మరీ చదునైందని అర్థం. రెండోది, ఫొటోని బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడటం. పెద్ద సైజులో మోసం చేసే రంగు చిన్న సైజులో దొరికిపోతుంది. ముఖంకన్నా ముందు జుట్టు కనబడితే రంగు ఎక్కువైందన్నట్టు.

ఈ లెక్కకి ఒక మినహాయింపు ఉంది. ఫొటో సాయంత్రం ఎండకి ఎదురుగా తీసిందైతే, అంటే సూర్యుడు తల వెనక ఉంటే, జుట్టు చుట్టూ వెలుగు అంచు వస్తుంది. నల్లజుట్టులో ఆ అంచు సన్నగా, దాదాపు తెల్లగా ఉంటుంది. బ్రౌన్ జుట్టులో వెనకనుంచి వచ్చిన వెలుతురు వెంట్రుకల్లోంచి అటునుంచి ఇటు దూసుకొస్తుంది కాబట్టి ఆ అంచు వెడల్పుగా, నిప్పు రంగులో ఉండాలి. ముందునుంచి పడే మెరుపుని తెల్లగా ఉంచాలని చెప్పిన నేనే ఇక్కడ మెరుపుకి రంగు వేయమంటున్నాను. రెండూ వేరు వేరు వెలుతురులు, మొదటిది జుట్టు పైనుంచి జారిపోయింది, రెండోది లోపల్నుంచి నడిచొచ్చింది. అలాంటి ఫొటోలో అంచు వెంట విడిగా ఒక మాస్క్ వేసుకుని, 230, 150, 80 లాంటి రంగుని Color మోడ్‌లో 50 శాతం దగ్గర పూయాలి. అక్కడ వెలుగు ఎలాగూ ఉంది కాబట్టి ఈసారి Color మోడ్ చక్కగా పనిచేస్తుంది.

కిటికీ ఫొటో పంపిన మర్నాడు మా చెల్లి ఇంకోటి పంపింది. పెళ్ళిలో రాత్రిపూట ఫోన్ ఫ్లాష్‌తో తీసింది. "అక్కా, చీర కట్టుకున్నప్పుడు ఎలా ఉంటానో చూడాలి, దీనికీ చెయ్యవా" అంది. తెరిచి ఐడ్రాపర్ పెడితే, ఫ్లాష్ తగిలిన పైభాగం తప్ప జుట్టంతా 0, 1, 2 మధ్యే ఉంది. పోగులన్న జాడ లేదు, నల్లటి అచ్చు ఒకటి తల మీద పెట్టినట్టుంది. గీతని ఎంత పైకి లాగినా సున్నాని రెండింతలు చేస్తే సున్నానే. కొద్దోగొప్పో ఉన్న చోట లాగితే పోగులకి బదులు ఎనిమిదేసి చుక్కల గళ్ళు బయటపడ్డాయి. ఫోన్ ఫొటోని జేపెగ్‌గా కుదించేటప్పుడు చీకట్లోని వివరాలని పారేసి మిగిల్చిన గళ్ళవి. 100 శాతం జూమ్‌లో చూస్తే గచ్చు మీద టైల్స్ పరిచినట్టు కనబడతాయి. ఇలాంటి ఫొటోలో పోగులు కావాలంటే కొత్తగా గీయాలి, గీసినవి తన జుట్టు కావు.

అందుకని ఆ ఫొటోలో ఫ్లాష్ తగిలి మెరిసిన పైభాగం వరకే, నుదుటి నుంచి నడినెత్తి దాకా, బ్రౌన్ చేసి కింది జడని చీకటిగానే వదిలేశాను. మొదళ్ళ దగ్గర వెచ్చగా మొదలై జడలోకి దిగేకొద్దీ నలుపులో కలిసిపోయింది. రాత్రి ఫొటో కాబట్టి అదే సహజంగా ఉంది. రంగు నప్పుతుందో లేదో తేల్చుకోవాలంటే ఇది కాదు, కిటికీ దగ్గర దిగిందే చూసుకోమని చెప్పాను. అదే కిటికీ దగ్గర, అదే వేళప్పుడు, చీర కట్టుకుని ఇంకొకటి తీయించుకుని పంపమన్నాను.